దూది అదిమినట్టు

మా అమ్మమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. కోనసీమలో ఒక పల్లెలో ఉంటుంది. పోయిన సంక్రాంతికి మావయ్య టచ్ ఫోను కొనిచ్చి, ఓ గంట నేర్పి, మర్నాడే బస్సెక్కేశాడు. ఫోను మోగితే ఎత్తడం వచ్చింది కానీ, వాట్సాప్‌లో మాట పంపడం రాలేదు. నేను హైదరాబాదు నుంచి ఫోను చేసి చెప్పబోతే ఒక చిక్కు. నా మాట వినాలంటే ఫోను చెవికి ఆనించాలి. చెవికి ఆనిస్తే తెర కనపడదు. అందుకే కాగితం మీద రాసి పోస్టులో పంపాను. ఉత్తరం ఫోను పక్కనే ఉంటుంది, ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు.

మొదటి ఉత్తరం మూడే ముక్కలు. ‘వాట్సాప్ తెరువు. నా పేరు నొక్కు. కింద మైకు నొక్కి మాట్లాడు.’ వారం తిరిగేసరికి ఏడు వాయిస్ నోట్లు వచ్చాయి. ఒక్కోటీ ఒక్క సెకను. ఒకదాంట్లో ‘ఒ’, ఇంకోదాంట్లో ‘ఒరే’, మూడోదాంట్లో గిన్నె చప్పుడు. తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. నేను రాసిన ‘నొక్కు’ అనే మాటలోనే ఉంది. ఆవిడ కాలింగ్ బెల్లు నొక్కినట్టు నొక్కి వేలు తీసేస్తోంది. వాట్సాప్ లెక్కలో వేలు తీయడమంటే పంపేయమని. ఇంకాస్త గట్టిగా నొక్కితే పని చేస్తుందేమోనని గోటితో కూడా పొడిచిందట. తెరకి బరువు తెలీదు, చర్మం తగిలితేనే తెలుస్తుంది. గోరు దానికి లెక్కే కాదు.

రెండో ఉత్తరం ఇలా రాశాను.

‘అమ్మమ్మకి,

చేతులు తడిగా ఉంటే కొంగుకి తుడుచుకుని కూర్చో. ఫోను ఎడమ అరచేతిలో పెట్టుకో. అడుగు అంచున, చార్జింగు పెట్టే చోటు పక్కన, సూది బెజ్జమంత చిల్లు ఉంది. నీ గొంతు లోపలికి పోయే దారి అదే. దాన్ని వేలితో మూశావంటే నీ మాట నాకు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినపడుతుంది.

ఒకటి. ఆకుపచ్చ రంగులో తెల్ల టెలిఫోను బొమ్మ ఉంది కదా, దాన్ని ఒకసారి తాకి వేలు తీసెయ్. పేర్ల వరస వస్తుంది. అందులో నా ఫొటో ఉన్న వరసని తాకు. ఇప్పుడు తెర నెత్తిన నా పేరే ఉందా? చూశాకే ముందుకి వెళ్లు. లేకపోతే నాకు చెప్పాల్సింది మీ ఆడపడుచు వింటుంది.

రెండు. కింద కుడి మూల మైకు బొమ్మ ఉంది. దాని మీద వేలి మెత్తటి భాగం ఆనించి ఉంచు. సూదిమందు వేశాక నర్సమ్మ దూది పెట్టి అదిమి పట్టుకోమంటుంది చూడు, అలాగ. గట్టిగా వద్దు. రుద్దకూడదు, తీయకూడదు. అంకెలు కదలడం మొదలవుతుంది. అవి కదిలాకే మాట్లాడు. ముందే మొదలుపెడితే మొదటి మాట తెగిపోతుంది. చెప్పడం అయ్యాక ఒక్క క్షణం ఆగి వేలు ఎత్తు. ఎత్తగానే అది బయల్దేరుతుంది.

మూడు. వెళ్లిందో లేదో చూసుకో. కుడివైపు గీతలు గీతలుగా ఒక పెట్టె వస్తుంది. దాని మూల చిన్న గడియారం ఉంటే నెట్టు లేక నీ దగ్గరే ఆగిందని అర్థం. మళ్లీ చెప్పకు, నెట్టు రాగానే అదే పోతుంది. ఒక టిక్కుంటే నీ దగ్గర బయల్దేరింది, రెండుంటే నా ఫోనుకి చేరింది. ఆ పెట్టెలో మైకు నీలంగా మారితే నేను విన్నట్టు.’

ఈసారి పద్నాలుగు సెకన్లు వచ్చింది. ‘ఒరేయ్ నాన్నా, అన్నం తిన్నావా, ఇది వినపడుతోందా’ అని. ఆ తర్వాత నాలుగు రోజులు ఏమీ లేదు. ఫోను చేస్తే, ‘రోజూ చెబుతూనే ఉన్నాన్రా, నువ్వే పలకట్లేదు’ అంది. ‘పెట్టె కనపడిందా’ అంటే కనపడలేదంది. పెద్ద మాటలు చెప్పేటప్పుడు వేలు వణికి ఎడమవైపుకి జారుతోంది. అలా జారితే వద్దనుకున్నట్టు లెక్క. చెప్పిందంతా చెత్తబుట్టలోకి పోతుంది.

కాబట్టి మూడో ఉత్తరం. దూది అదిమినట్టు పట్టుకున్నాక అంకెల మీద చూపు పెట్టి, వేలు తీయకుండా నిటారుగా పైకి జరపమన్నాను. పైన తాళంకప్ప బొమ్మ ఉంటుంది. అక్కడిదాకా వెళ్లాక వేలు తీసేసినా రికార్డు ఆగదు. ఫోను ఒళ్లో పెట్టుకుని తీరిగ్గా మాట్లాడొచ్చు. అయితే ఇందులో వేలు ఎత్తడంతో పని అవదు. చివర బాణం బొమ్మ తాకితేనే పోతుంది. వణికే వేలికి అసలు ఇదే సుఖమైన దారి. మొదటే చెప్పలేదేమంటే, అదిమి పట్టుకోవడం రాకుండా జరపడం రాదు.

అదే కాగితం వెనక ఫొటో సంగతి. మాటలు రాసే పెట్టెలో కెమెరా బొమ్మ తాకాలి, అడుగున పెద్ద తెల్ల గుండ్రం తాకాలి. ఇక్కడ అదమడం లేదు, తాకి తీసేయడమే. అదిమి పట్టుకుంటే ఫొటో బదులు వీడియో మొదలవుతుంది. తీసిన బొమ్మ తెర నిండా నిలబడుతుంది. అది ఇంకా నాకు రాలేదు. కింద కుడివైపు బాణం తాకాలి. తెరలో తన మొహమే కనపడుతుంటే రెండు బాణాలు గుండ్రంగా తిరిగే బొమ్మ తాకితే కెమెరా అటు తిరుగుతుంది. మాత్రల అట్ట ఫొటో తీసేటప్పుడు కిటికీ తన వెనకాల కాకుండా పక్కన ఉండాలని, లేకపోతే అట్ట మీద తన నీడే పడుతుందని రాశాను.

ఒకరోజు ‘మైకు పోయిందిరా’ అని కంగారుగా ఫోను చేసింది. ఎక్కడికీ పోలేదు. చెయ్యి తగిలి రాసే పెట్టెలో ఒక అక్షరం పడింది. అక్షరముంటే వాట్సాప్ మైకు తీసేసి బాణం పెడుతుంది, కెమెరా బొమ్మనీ దాచేస్తుంది. అక్షరం చెరిపేస్తే రెండూ తిరిగొస్తాయి. ఈ సంగతి ఉత్తరంలో రాయాలని నాకు తట్టనే లేదు. రోజూ వాడేవాడి కంటికి ఆ మార్పు ఆనదు.

పోయిన ఆదివారం పదకొండు నిమిషాల వాయిస్ నోటు వచ్చింది. మొదటి నిమిషం నాకోసం: మోకాలి నొప్పి, కొబ్బరి దింపుడు. తర్వాత బాణం తాకడం మరిచిపోయింది. పక్కింటావిడ వచ్చింది, ఫోను ఒళ్లో అలాగే వింటూ కూర్చుంది. అమ్మమ్మ ఆవిడకి నేర్పుతోంది. ‘ముందు దూది అదిమినట్టు అదమాలే. అంకెలు పరిగెడతాయి. అప్పుడు తలుపు పై గడియ వేసినట్టు పైకి తొయ్యాలి. గడియ పడితే ఇంక చెయ్యి తీసేయొచ్చు.’ నేను తాళంకప్ప అని రాశాను. పైకి తోసేది తాళం కాదు, గడియ. నా ఉత్తరాన్ని ఆవిడ దిద్దేసింది.

చివర్లో పక్కింటావిడ గొంతు: ‘అవును గానీ పిన్నీ, ఇందాక వేసిన గడియ తీశావా?’

‘అయ్యో రామ’ అనడంతో నోటు ముగిసింది.