టవర్ పక్కన స్టార్ పడితే

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మనసును కలచివేసింది. ఉద్యోగం మారాలా వద్దా అని ఒకావిడ టారో చెప్పించుకున్నారు. పది కార్డుల సెల్టిక్ క్రాస్ పరిచారు. తొమ్మిదోది టవర్, పదోది స్టార్. "ముందు ఉన్నదంతా కూలుతుంది, ఆ తర్వాత మంచి జరుగుతుంది" అని చెప్పి పంపించారట. ఆ కూలేది ఎప్పుడోనని ఆవిడకు నిద్ర పట్టడం లేదు.

పక్కపక్క కార్డులను కలిపి ఒకే మాటగా చదవమని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. అందుకు నేనెప్పుడూ చూపించేది ఈ జంటనే. 1909లో లండన్‌లో వెలువడిన, పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసిన కార్డులు తీసుకోండి. టవర్‌లో పిడుగు పడి బురుజు మీది కిరీటం ఎగిరిపోతుంది. బట్టలు కట్టుకున్న ఇద్దరు కిందికి పడుతుంటారు. స్టార్‌లో ఒంటిమీద నూలుపోగు లేని స్త్రీ, నక్షత్రాల కింద మోకాలు మోపి, ఒక కూజా నీళ్లు మడుగులోకి, ఇంకో కూజావి నేలమీదికి వంపుతుంటుంది. విడిగా చదివితే నాశనం, ఆశ. కలిపి చదివితే, కప్పు ఎగిరిపోయింది కాబట్టే ఆకాశం కనబడింది, దాచుకోవలసినదేమీ మిగల్లేదు. స్టార్ ముందు పడి టవర్ తర్వాత వస్తే అర్థమే తిరగబడుతుంది: ఆశ పెట్టుకున్న చోటే పిడుగు.

ఈ జంటకు ఎడమ పక్కన నాణేన్ని గుండెకు హత్తుకుని కూర్చున్న మనిషి, అంటే ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ ఉందనుకోండి. కూలింది ఏమిటో కూడా తెలిసిపోతుంది: గట్టిగా పట్టుకుని వదలని భద్రత. ఒకే వరసలో, స్థానాలకు పేర్లేమీ పెట్టకుండా పరిచినప్పుడు ఇలా చదవడం ఎంతో బాగుంటుంది.

ఆ ఉత్తరంలోది మాత్రం అలాంటి వరస కాదు. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ తన పుస్తకంలో ఇచ్చిన సెల్టిక్ క్రాస్‌లో తొమ్మిదో స్థానం అడిగినవారి ఆశలు, భయాలు. పదోది రాబోయేది. రెండూ కుడివైపు నిలువు వరసలో ఒకదానిపై ఒకటి ఉంటాయి గనుక కంటికి ఇరుగుపొరుగే. అంతమాత్రాన ఒకటి జరిగాక రెండోది జరుగుతుందని కాదు. అక్కడ పడ్డ టవర్ రేపటి సంఘటన కాదు, ఈరోజు మనసులో ఉన్న దిగులు. ఇన్నాళ్లూ కలపమని పోరిన నేను ఈ జంటను ఇక్కడ విడదీయమంటాను. స్థానానికి పేరున్నప్పుడు ముందు దాని మాట వినాలి. పొరుగు కార్డు మాట ఆ తర్వాతే.

అమ్మా, ఉన్నదంతా కూలుతుందేమోనన్న భయం మీలో ఉందని మీ తొమ్మిదో కార్డు చెప్పింది. కూలుతుందని చెప్పలేదు. రాబోయేదాని చోట పడింది స్టార్.