విడదీసే ముందు గణాలు చూడండి

పాత తాళపత్రాల ఫోటోలు పంపి "ఇందులో ఏముందో నేటి తెలుగులో చెప్పండి" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. సంతోషమే. అయితే అనువాదం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆకు మీద గంటంతో గీసిన అక్షరాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎడం లేకుండా సాగిపోతాయి. పద్యమైనా పాదానికో వరుస ఉండదు. వరుస నిండితే మాట మధ్యలోనే తెగి కింది వరుసలో మొదలవుతుంది. దారం దూర్చే రంధ్రం దగ్గర వదిలిన జాగా కూడా మాటల మధ్య ఎడం కాదు. కాబట్టి ఎక్కడ మాట ముగిసిందో మనమే తేల్చుకోవాలి.

తెలిసిన మాట కంటపడగానే అక్కడ గీత పెట్టేయడం చాలామందికి అలవాటు. నేను దీన్ని గట్టిగా వద్దంటాను. ముందు కనిపించిన అక్షరాలను కనిపించినట్టే, కలిపే రాసుకోవాలి. నిఘంటువు ఇంకా తెరవకూడదు. పద్యం అనిపిస్తే ప్రాస వెతకాలి. వృత్తమైతే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావాలి కదా, ఉత్పలమాలైతే ఇరవై అక్షరాలకో పాదం. గురులఘువులు గుర్తించి, భ-ర-న-భ-భ-ర-వ గణాలు సరిపోతున్నాయో లేదో చూస్తే పాదాలు వాటంతటవే విడిపోతాయి. ఎక్కడైనా ఒక అక్షరం తక్కువొచ్చిందంటే లేఖకుడు వదిలేశాడో, ఫోటోలో అంచు తెగిందో అని అక్కడే తెలిసిపోతుంది.

ఆ తర్వాత యతి. మాటలు విడదీయడంలో యతి ఇంత పనికొస్తుందని చాలామంది అనుకోరు. నేనే కూర్చిన ఒక ముక్క చూడండి: "వనమాలనుదాచె". ఇది ఉత్పలమాలలో ఎనిమిదో అక్షరం నుంచి చక్కగా ఇముడుతుంది, అప్పుడు యతిస్థానమైన పదో అక్షరం "మా" అవుతుంది. దీన్ని "వనమాలను దాచె" అని చదివితే ఎవరో విష్ణువు మెడలోని మాలను దాచారు. "వనము ఆలను దాచె" అని చదివితే అడవి ఆవులను దాచింది. రెండూ తెలుగే, రెండింటికీ వ్యాకరణం ఒప్పుకుంటుంది. పాదం "ఆ"తో మొదలైతే "మా"లోని మకారానికి దానితో మైత్రి లేదు. అక్కడ "ము" మీద "ఆ" వచ్చి సంధి జరిగింది, యతి ఆ అచ్చుకే కుదిరింది. అంటే దాగినవి ఆవులే. పాదం "మా"తో మొదలైతే మాల వైపు మొగ్గాలి. మొగ్గాలనే అంటున్నాను, తేల్చేయమనడం లేదు. సంధి జరిగిన చోట కూడా హల్లుకే యతి వేసే అఖండయతిని వాడిన కవులున్నారు.

వచనానికి ఈ ఆసరా లేదు. అక్కడ సంధి మార్చిన అక్షరాలే దారి చూపాలి. "కవినిరాజువిలిచె" అని ఉందనుకోండి. "విలిచె" అని విడదీసి నిఘంటువు చూస్తే విలుచు అంటే కొనడం అని దొరుకుతుంది. రాజు కవిని కొన్నాడని అనువదించేస్తారు. నిజానికి ప్రథమా విభక్తి మీద వచ్చిన "పిలిచె"లోని పకారం గసడదవాదేశం వల్ల వకారమై ఉండవచ్చు. అప్పుడు రాజు కవిని పిలిచాడు. అందుకే మాట మొదట్లో గ, స, డ, ద, వ కనిపిస్తే దాని వెనక క, చ, ట, త, ప దాగి ఉన్నాయేమో చూసుకుని, ఆ రూపాన్ని కూడా నిఘంటువులో వెతకాలి.

అదే "కవిరాజుంబిలిచె" అని ఉంటే సంగతి వేరు. ద్రుతం మీద పకారం బకారమైంది కాబట్టి పిలుపు అందుకున్నది రాజు. మసి సరిగా పట్టక ఫోటోలో సున్న కనిపించకపోయినా బకారం ఒక్కటే ఆ సంగతి చెబుతుంది. కానీ కవి రాజును పిలిచాడా, ఎవరో కవిరాజును పిలిచారా అన్నది మాత్రం ఏ సంధీ చెప్పదు. ముందు వాక్యం, వెనక వాక్యం చదవాల్సిందే. అప్పటికీ తేలకపోతే రెండు విడదీతలూ రాసి, రెండు అర్థాలూ ఇవ్వడమే అనువాదకుడికి మర్యాద. ఒకటి దాచిపెట్టి రెండోది అచ్చువేస్తే, మూలం చూడలేని పాఠకుడికి ఆ సందేహం ఉన్నట్టు కూడా తెలియదు.

ఇంట్లో తాళపత్రాలున్నవారికి ఒక మనవి. నచ్చిన ఆకు ఒక్కటే కాకుండా దానికి ముందుదీ తర్వాతిదీ కూడా, రెండు వైపులా, నాలుగు అంచులూ ఆకు సంఖ్యా కనిపించేలా ఫోటో తీసి పంపండి. సగం పద్యం పంపితే ప్రాస దొరకదు.