నాలుగు వేల బైట్లలో కరెంటు కబురు

సిరిసిల్లలో సాంచెలు నడిపే ఆసామికి కరెంటు కోత కబురు ముందే అందితే బీము ఎప్పుడు ఎక్కించాలో, పనివాళ్లను ఏ పూట రమ్మనాలో తేల్చుకుంటాడు. అక్కడ కరెంటు ఇచ్చేది 1970లో పుట్టిన సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరి నోట ‘సెస్’. అలాంటి కోత కబురును ఫోన్‌కు నోటిఫికేషన్‌గా పంపాలనుకుందాం. సందేశంలోనే ఏం రాయాలి, వేలు తాకాక సర్వర్ నుంచి ఏం తెప్పించాలి అన్నదే ఇక్కడ పనితనం.

ఐఫోన్‌లకు యాపిల్, ఆండ్రాయిడ్‌కు గూగుల్ మోసే ఒక్కో సందేశానికి పరిమితి 4096 బైట్లు. యాపిల్ 2009లో ఈ సేవ మొదలుపెట్టినప్పుడు ఇచ్చింది 256 బైట్లే. 2014లో అది 2 కేబీ అయింది, 2015 చివర్లో 4 కేబీకి చేరింది. ఇంగ్లీషు అక్షరం ఒక బైటుతో సరిపెట్టుకుంటుంది. తెలుగులో మాత్రం హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు విడివిడిగా మూడేసి బైట్లు తీసుకుంటాయి. ‘సిరిసిల్ల’ కంటికి నాలుగక్షరాలే, లోపల తొమ్మిది సంకేతాలు, అంటే 27 బైట్లు.

సిరిసిల్లలోని బి.వై.నగర్‌కు పంపే వాక్యం ఇలా ఉందనుకోండి: “బి.వై.నగర్: ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 వరకు కరెంటు ఉండదు”. నేరుగా పంపితే 137 బైట్లు. పైథాన్‌లో `json.dumps`ను ఉన్నదున్నట్టు వాడితే ప్రతి తెలుగు సంకేతం `\u0c15` లాంటి ఆరు గుర్తులుగా మారి, అదే వాక్యం 260 బైట్లవుతుంది. పాత 256 బైట్ల రోజుల్లో ఈ ఒక్క వాక్యమే పట్టేది కాదు.

ఆ ఇరుకులో యాపిల్ ఇచ్చిన ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. వాక్యం యాప్‌లోనే ఉంటుంది. సర్వర్ ఆ వాక్యం పేరును, ఖాళీల్లో నింపాల్సిన మాటలను మాత్రమే పంపుతుంది.

```json
{"aps":{"alert":{"loc-key":"CUT","loc-args":["బి.వై.నగర్","10","1"]}},"id":"7421"}
```

మొత్తం 98 బైట్లు. ఒకే సందేశం తెలుగు ఫోన్‌లో తెలుగుగా, హిందీ ఫోన్‌లో హిందీగా విచ్చుకుంటుంది. పై వాక్యంలో చోటు పేరు తర్వాత ‘లో’ కాకుండా రెండు చుక్కలు పెట్టింది కావాలనే. కోరుట్ల, జగిత్యాల పక్కన ‘లో’ ఇట్టే అతుకుతుంది కానీ, పొల్లుతో ముగిసే ‘నగర్’కు తగిలిస్తే కింద లావొత్తు పడి పేరు ‘నగర్లో’గా కలిసిపోతుంది.

అయినా మన దగ్గర నేను దీన్ని వాడను. తెలుగు చదువుకునేవాళ్లు కూడా చాలామంది ఫోన్ భాషను ఇంగ్లీషులోనే వదిలేస్తారు. వాళ్లకు యాప్ ఇంగ్లీషు వాక్యాన్నే ఎంచుకుంటుంది. పైగా కొత్త వాక్యం కావాలంటే యాప్‌ను అప్‌డేట్ చేసుకునేదాకా ఆగాలి. ఇప్పుడు 4096 బైట్లున్నాయి కాబట్టి తెలుగు వాక్యాన్ని పూర్తిగా రాసి పంపడమే మేలు.

అంత చోటు ఉంది కదా అని కోత పడే వీధులన్నీ, మరమ్మతు వివరాలన్నీ కూరకూడదు. తాళం వేసిన తెరమీద మూడు సంగతులు తెలిస్తే చాలు: ఏ పేట, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు. ఇవి మాత్రం తప్పకుండా సందేశంలోనే ఉండాలి. కరెంటు పోతే ఇంట్లో వైఫై పెట్టె కూడా ఆగిపోతుంది, అప్పుడు నొక్కితే తిరిగే చక్రం తప్ప ఏమీ రాకపోవచ్చు. వీధుల జాబితా, పని ఎంతవరకు వచ్చిందన్న సంగతి గంటగంటకూ మారతాయి. ఉదయం పంపిన సందేశంలో పెడితే మధ్యాహ్నానికి అబద్ధమవుతాయి. వాటికోసమే పై ఉదాహరణలో చూసిన ఆ `id`. నొక్కగానే యాప్ ఆ నంబరుతో తాజా వివరం అడుగుతుంది. బిల్లు బకాయి లాంటివి కూడా నొక్కాకే కనబడాలి, తెర పక్కవాళ్లకూ కనిపిస్తుంది.

పని పన్నెండింటికే అయిపోతే, మొదటి సందేశానికి ఇచ్చిన `apns-collapse-id`తోనే రెండో సందేశం పంపాలి, అది మొదటిదాని స్థానంలోకి వస్తుంది. `apns-expiration`లో ఒంటిగంటను గడువుగా పెడితే, ఫోన్ ఆపేసి సాయంత్రం తెరిచినవారికి చచ్చిన కబురు చేరదు. గూగుల్ దారిలో గడువు చెప్పకపోతే సందేశం నాలుగు వారాలదాకా నిలవుంటుంది.

పరిమితి దాటితే యాపిల్ సందేశాన్ని కత్తిరించి పంపదు, మొత్తంగా తిప్పికొడుతుంది. జవాబులో 413, `PayloadTooLarge` అని వస్తుంది. ఆ జవాబును లాగ్‌లో రాయని సర్వర్‌కు కబురు అందలేదన్న సంగతే తెలియదు. ఇంగ్లీషులో సరిపోయి, తెలుగులో రాసింది పొడవైన రోజున మాత్రమే సందేశం పోకపోతే మొదట ఇక్కడే వెతకాలి.

కోరుట్లలోనో జగిత్యాలలోనో కూర్చుని యాప్ రాసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పంపే ముందు అక్షరాలు లెక్కపెట్టకండి, బైట్లు కొలవండి:

```python
len(json.dumps(p, ensure_ascii=False).encode("utf-8"))
```

ఆ కొలిచిన రూపాన్నే పంపండి.