కీలో ఒక్క తప్పు, విశ్వసనీయత 0.36

ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రంలో బలం, ఘర్షణ పాఠాల మీద పది బిట్ల స్లిప్ టెస్టు జరిగిందనుకుందాం. బిట్టుకు ఒక మార్కు. ఒక అమ్మాయికి ఆరు, పక్క బెంచీ అబ్బాయికి ఏడు వచ్చాయి. అబ్బాయికి ఘర్షణ గురించి కాస్త ఎక్కువ తెలుసనడానికి ఆ ఒక్క మార్కు తేడా చాలుతుందా? అవే పాఠాల నుంచి అదే స్థాయిలో మరో పది బిట్లు ఇచ్చినా వాళ్లిద్దరి వరుస అలాగే ఉంటుందా? మూల్యాంకన శాస్త్రంలో విశ్వసనీయత అనే మాట ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికే పుట్టింది.

సూటి జవాబు కావాలంటే అదే తరగతికి రెండో పేపరు తయారుచేసి మళ్లీ పరీక్ష పెట్టాలి. సిలబస్ వెంట పరుగెత్తే ఉపాధ్యాయుడికి అంత తీరిక ఎక్కడిది? అందుకే ఒక్కసారి రాసిన జవాబుపత్రాల్లోంచే విశ్వసనీయతను అంచనా వేసే దారి వెతికారు. 1910లో ఇంగ్లండులో చార్లెస్ స్పియర్‌మన్, విలియం బ్రౌన్ వేర్వేరుగా ఒకే సూత్రం ప్రచురించారు. బేసి సంఖ్య ప్రశ్నల్లో వచ్చిన మార్కులకూ, సరిసంఖ్య ప్రశ్నల్లో వచ్చిన మార్కులకూ ఉన్న సహసంబంధాన్ని చూసి, దాన్నుంచి మొత్తం పేపరు విశ్వసనీయతను లెక్కగట్టవచ్చునని ఆ సూత్రం చూపింది. అయితే పేపరును బేసి–సరిగా కాకుండా ఇంకోలా రెండు సగాలు చేస్తే వేరే విలువ వస్తుంది. పది ప్రశ్నల్నే 126 రకాలుగా రెండు సమ భాగాలు చేయవచ్చు. వాటిలో దేన్ని నమ్మాలి?

ఆ చిక్కును 1937లో అమెరికాలో కూడర్, రిచర్డ్‌సన్ విడదీశారు. పేపరును చీల్చే పనే లేకుండా ప్రతి ప్రశ్ననూ విడిగా లెక్కలోకి తీసుకునే సూత్రాలు కొన్ని ఇచ్చారు. వాళ్ల వ్యాసంలో ఇరవయ్యోది కాబట్టి అందులో ఒకదానికి కేఆర్–20 అనే పేరు నిలిచిపోయింది. ఒప్పయితే ఒకటి, తప్పయితే సున్నా వేసే బిట్లకు అది సరిపోతుంది. నాలుగు మార్కులు, ఎనిమిది మార్కుల ప్రశ్నలకు కూడా పనికొచ్చే విస్తృత రూపాన్ని 1951లో లీ క్రాన్‌బాక్ ఆల్ఫా పేరుతో ప్రచారంలోకి తెచ్చారు.

సూత్రం వెనకున్న ఆలోచన సులువైనదే. పది బిట్లూ ఒకే విషయాన్ని కొలుస్తుంటే, పాఠం వచ్చిన పిల్లలు చాలా బిట్లు ఒప్పు చేస్తారు, రానివాళ్లు చాలా బిట్లు తప్పు చేస్తారు. అప్పుడు మొత్తం మార్కులు పైకీ కిందికీ బాగా విస్తరిస్తాయి. ఏ బిట్టుకాబిట్టు తన దారిన పోతే, ఒకదాంట్లో వచ్చిన మార్కు ఇంకోదాంట్లో పోతుంది, అందరూ మధ్యలో గుమిగూడతారు. కాబట్టి మొత్తం మార్కుల విస్తృతిని, విడివిడి బిట్ల విస్తృతుల కూడికతో పోల్చితే బిట్ల మధ్య ఎంత పొందిక ఉందో తెలుస్తుంది. రెండూ సమానమైతే పొందిక సున్నా.

```
KR-20 = k/(k-1) × (1 - Σpq / σ²)
```

ఇందులో k బిట్ల సంఖ్య. ఒక బిట్టును ఎంత భాగం పిల్లలు ఒప్పు చేశారో అది p, తప్పు చేసిన భాగం q. σ² మొత్తం మార్కుల విస్తృతి.

లెక్క కళ్లముందు కనిపించడానికి పదిమంది పిల్లల్నే తీసుకుందాం. వాళ్ల మార్కులు 9, 8, 7, 7, 6, 6, 6, 5, 4, 3. సగటు 6.1. ఒక్కో మార్కూ సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలను కూడి పదితో భాగిస్తే విస్తృతి 2.89 వస్తుంది. ఇక బిట్ల వంతు. ఒకటో బిట్టు నుంచి పదో బిట్టు దాకా ఒప్పు రాసినవాళ్లు వరుసగా 10, 9, 7, 6, 5, 5, 7, 4, 5, 3 మంది. రెండో బిట్టుకు 0.9ని 0.1తో గుణిస్తే 0.09, మూడోదానికి 0.7ని 0.3తో గుణిస్తే 0.21. ఇలా పదింటికీ వేసి కూడితే 1.95. దాన్ని 2.89తో భాగించి, ఒకటిలోంచి తీసేసి, పది బై తొమ్మిదితో గుణిస్తే 0.36 వస్తుంది.

కంప్యూటర్లో ఈ లెక్క చేసేవాళ్లు ఒక చోట తప్పటడుగు వేస్తుంటారు. ఎక్సెల్‌లో విస్తృతికి `VAR.P` వాడాలి. `VAR.S` వాడితే అది పదికి బదులు తొమ్మిదితో భాగిస్తుంది. అప్పుడు ఇదే పేపరు విలువ 0.44గా, ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది.

0.36 అంటే పిల్లల మార్కుల్లో కనిపించే తేడాల్లో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే నిలకడైన తేడా. మిగతాదంతా ఊహించి రాసిన జవాబులు, ప్రశ్న అర్థంకాని తికమక, ఆ రోజు అదృష్టం లాంటివాటి ఫలితం. దీన్నే మార్కుల భాషలోకి మార్చుకోవచ్చు. విస్తృతి వర్గమూలమైన 1.7ను, ఒకటిలోంచి 0.36 తీసేయగా మిగిలిన 0.64 వర్గమూలంతో గుణిస్తే దాదాపు 1.4 వస్తుంది. ఇది మార్కులో ఉండే ప్రామాణిక దోషం. ఆరు మార్కుల అమ్మాయి అసలు స్థాయి నాలుగున్నర నుంచి ఏడున్నర మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఏడు మార్కుల అబ్బాయిని ఆమె కన్నా ముందు నిలబెట్టే హక్కు ఈ పేపరుకు లేదు.

ఇంత తక్కువ విలువ చూడగానే పేపరు చిన్నదైపోయిందనే మాట ముందు వస్తుంది. అందులో నిజం ఉంది. ప్రశ్నలు పెరిగితే విశ్వసనీయత పెరుగుతుంది. కానీ స్పియర్‌మన్–బ్రౌన్ సూత్రం ప్రకారం లెక్కిస్తే, ఇదే నాణ్యత గల బిట్లతో 0.36ను 0.70కి చేర్చడానికి పేపరును నాలుగు రెట్లకు పైగా, అంటే 41 బిట్ల దాకా పెంచాలి. ఒక పీరియడ్లో అది కుదిరే పని కాదు. అందుకని బిట్లు పెంచే ముందు ఉన్న బిట్లను ఒక్కొక్కటిగా పరీక్షించడం మేలు.

ఎక్కువ మార్కులు వచ్చిన పత్రాలు ఒకవైపు, తక్కువ వచ్చినవి మరోవైపు పెట్టి, ప్రతి బిట్టునూ ఎవరు ఒప్పు చేశారో చూడాలి. పెద్ద తరగతుల్లో పైనుంచి 27 శాతం, కిందనుంచి 27 శాతం తీసుకోవడం రివాజు. ఇక్కడ పై నలుగురిని, కింది ముగ్గురిని చూస్తే చాలు. ఐదో బిట్టును పై నలుగురిలో ముగ్గురు ఒప్పు చేశారు, కింది ముగ్గురిలో ఒక్కరూ చేయలేదు. పాఠం వచ్చినవాళ్లను రానివాళ్ల నుంచి అది చక్కగా విడదీస్తోంది. తొమ్మిదో బిట్టు దగ్గర కథ అడ్డం తిరిగింది. పై నలుగురిలో ఒక్కరికే మార్కు వచ్చింది. కింది ముగ్గురికీ వచ్చింది.

తొమ్మిదోది ఒప్పు–తప్పు బిట్టు. ‘జారుడు ఘర్షణ కంటే దొర్లుడు ఘర్షణ ఎక్కువ కాదు’ అన్నది వాక్యం. దొర్లుడు ఘర్షణ తక్కువ కాబట్టి ఈ వాక్యం ఒప్పు. కానీ కీ రాసేటప్పుడు చివరనున్న ‘కాదు’ మీద చూపు నిలవక ‘తప్పు’ అని పడింది. వాక్యాన్ని చివరిదాకా చదివి అర్థం చేసుకున్న పిల్లలకు మార్కు పోయింది. సగంలో ఆపేసినవాళ్లకూ, గుడ్డిగా రాసినవాళ్లకూ మార్కు దక్కింది.

కీని సరిచేసి తొమ్మిదో బిట్టును మళ్లీ దిద్దితే మార్కులు 10, 9, 8, 7, 7, 6, 5, 4, 3, 2 అవుతాయి. సగటు మాత్రం కదలదు, 6.1 దగ్గరే ఉంటుంది. ఆ బిట్టుకు ముందూ ఐదుగురికే మార్కు వచ్చింది, ఇప్పుడూ ఐదుగురికే వచ్చింది. వేరే ఐదుగురికి, అంతే. తరగతి సగటు ఒక్కటే రాసుకునే రిజిస్టరులో ఈ తప్పు ఎన్నటికీ బయటపడేది కాదు. విస్తృతి మాత్రం 2.89 నుంచి 6.09కి పెరిగింది. బిట్ల విస్తృతుల మొత్తం 1.95 దగ్గరే ఉంది కాబట్టి విశ్వసనీయత 0.36 నుంచి 0.76కి ఎగబాకింది. మొదట చెప్పుకున్న ఇద్దరిలో అమ్మాయికి ఇప్పుడు ఏడు, అబ్బాయికి ఆరు. అయినా ప్రామాణిక దోషం ఇంకా 1.2 మార్కులు ఉంది. కాబట్టి ఇప్పుడు కూడా వాళ్లిద్దరి మధ్య తేడా ఉందని తేల్చి చెప్పలేం.

ఇక్కడితో లెక్క పూర్తయినట్టు కాదు. ఒకటో బిట్టును పదిమందీ ఒప్పు చేశారు. దాని విస్తృతి సున్నా. విశ్వసనీయతకు అది వీసమెత్తు సాయం చేయదు, అలాగని దాన్ని తీసేయడం పొరపాటు. బలానికి ప్రమాణం న్యూటన్ అని తరగతిలో అందరికీ తెలియాలన్నదే ఉపాధ్యాయుడి లక్ష్యమైతే, అందరూ ఒప్పు చేయడం పాఠం అందినందుకు గుర్తు. పిల్లలందరూ పాఠం బాగా నేర్చుకుంటే మార్కుల మధ్య తేడాలు కరిగిపోతాయి, దానితోపాటు కేఆర్–20 కూడా పడిపోతుంది. సామర్థ్యం వచ్చిందా లేదా అని చూసే పరీక్షలను ఈ కొలతతో తూచకూడదని పాప్‌హమ్, హ్యూసెక్ 1969లోనే గట్టిగా వాదించారు. కాబట్టి విలువ తక్కువగా వచ్చినప్పుడు మార్కులు ఎక్కడ గుమిగూడాయో చూడాలి. తొమ్మిది, పది దగ్గర గుమిగూడితే అది బోధన ఫలితం కావచ్చు. ఐదు, ఆరు దగ్గర గుమిగూడితే బిట్లను, కీని అనుమానించాలి.

అంకె పెంచుకోవడానికి బిట్లు కత్తిరించుకుంటూ పోవడం మరో ప్రమాదం. భారత్వ పట్టికలో బలం పాఠానికి నాలుగు, ఘర్షణకు ఆరు మార్కులని రాసుకున్నాక, పొందిక కుదరలేదని బలం బిట్లను తీసేస్తే పేపరు నిలకడగా కొలుస్తుంది, కానీ సగం పాఠాన్నే కొలుస్తుంది. సప్రమాణత పోతుంది. ఒకే భావనను మాటలు మార్చి పదిసార్లు అడిగినా విలువ ఘనంగానే వస్తుంది. సమయం చాలక చివరి బిట్లు చాలామంది వదిలేసిన పేపరులోనూ విలువ అసలుకన్నా పెరిగి కనిపిస్తుంది. ఇచ్చిన వాటిలో ఏవో కొన్ని ఎంచుకుని రాయమనే ఛాయిస్ ప్రశ్నలుంటే, పిల్లలందరూ ఒకే పేపరు రాసినట్టు కాదు కనుక ఆల్ఫాను నేరుగా వేయకూడదు. పదిమంది పత్రాలతో వచ్చిన విలువ కూడా నిలకడైనది కాదు. నలభైమంది తరగతిలోనైనా దాన్ని స్థూలమైన అంచనాగానే చూడాలి.

కీ సరిచూసి, అయోమయపు వాక్యాలు తిరగరాసిన తర్వాత కూడా విలువ 0.50 దాటకపోతే, ఆ స్లిప్ టెస్టు మార్కులతో ర్యాంకులు ఇవ్వడం, పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టడం మానుకోవాలి. ఏ బిట్టులో ఎక్కువమంది తడబడ్డారో చూసి ఆ భావనను మళ్లీ చెప్పడానికి మాత్రం అదే పేపరు బాగా పనికొస్తుంది. ప్రగతి పత్రంలో రాయాల్సిన మార్కుకు మూడు నాలుగు స్లిప్ టెస్టులను కలిపి లెక్కించాలి. 0.50 విలువ గల నాలుగు చిన్న పేపర్లు ఒకే రకం సామర్థ్యాన్ని కొలిచేవైతే, వాటిని కలిపిన మొత్తానికి స్పియర్‌మన్–బ్రౌన్ సూత్రం 0.80 విశ్వసనీయతను ఇస్తుంది.