చీనీ తోటలో రొయ్యలు

సింహాద్రిపురంలో మా చిన్నాన్నకు చీనీ తోట ఉంది. పిందె రాలుడు గురించి ఫోన్‌లో ఓ వీడియో చూశాడు. ఆ వెంటనే మా యాప్ ఆయనకు రొయ్యల చెరువులో గాలి పంకాలు ఎలా పెట్టాలో చూపించింది. "ఏంది నాయనా, చీనీ చెట్ల కింద రొయ్యలు పెంచమంటాంది మీ యాప్!" అన్నాడు. తప్పు నాదే.

మాది రెండు టవర్ల మోడల్. ఒక టవర్ చూసే మనిషిని కొన్ని అంకెల వరుసగా మారుస్తుంది, రెండోది వీడియోని మారుస్తుంది. రెండు వరుసలూ ఎంత దగ్గరైతే స్కోరు అంత ఎక్కువ. ఈ దగ్గరితనం నేర్పాలంటే "ఇది చూశాడు" అంటే చాలదు, "ఇవి కాదు" అని కూడా చూపాలి. లక్షల వీడియోలనూ ప్రతిసారీ లెక్కగట్టలేం. అందుకని ఒక బ్యాచ్‌లో వెయ్యి మంది ఉంటే, మిగతా 999 మంది చూసినవే నాకు "కానివి". వాటి అంకెలు ఎలాగూ చేతిలో ఉంటాయి, అదనపు ఖర్చు లేదు.

చిక్కంతా అక్కడే. బ్యాచ్‌లోకి వచ్చేవి జనం చూసినవే. వంద క్లిక్కుల్లో ఒకటి డ్రిప్ వీడియోది అనుకోండి, అది ప్రతి బ్యాచ్‌లో పదిసార్లు "కానిది"గా దెబ్బ తింటుంది. లక్షలో ఒకటి వచ్చే రొయ్యల వీడియో వంద బ్యాచ్‌లకు ఒక్కసారి తింటుంది. డ్రిప్ వీడియో కావలసిన రైతుకి కూడా దూరం జరిగింది. రొయ్యల వీడియోని పెద్దగా ఎవరూ నెట్టలేదు కనుక అందరి పక్కనా తిరుగుతోంది. ఇలాంటి మోడల్ జనాదరణ వైపు మొగ్గుతుందని నేను భయపడ్డాను, జరిగింది దానికి విరుద్ధం.

దీనికి మందు 2019లో గూగుల్ పరిశోధకులు యూట్యూబ్ కోసం రాసిన పేపర్‌లో ఉంది. శిక్షణలో బ్యాచ్‌లోని ప్రతి స్కోరునూ ఇలా సవరించాలి:

```
s(x, y) - log p(y)
```

`p` అంటే బ్యాచ్‌లోని ఒక్కో క్లిక్కు ఆ వీడియోది అయ్యే అవకాశం. డ్రిప్‌కు 4.6 కలుస్తుంది, రొయ్యలకు 11.5. తేడా 6.9, అంటే రొయ్యల వీడియోకి పడే ఒక్క దెబ్బ బరువు వెయ్యి రెట్లు. వెయ్యో వంతే వస్తుంది కాబట్టి లెక్క సరిపోతుంది. రోజూ కొత్త వీడియోలు చేరుతుంటే `p` ఎక్కడిది? ఒక వీడియో మళ్లీ కనబడటానికి సగటున ఎన్ని క్లిక్కులు పట్టిందో రాసుకుంటూ పోతే, దాని తిరగేసిన విలువే అంచనా.

నేను ఇంకో పొరపాటు కూడా చేశాను. ఈ సవరణను వీడియోలు చూపించేటప్పుడూ వాడాను, అరుదైనవన్నీ మళ్లీ పైకి ఎగబాకాయి. సవరణ శిక్షణ వరకే. చూపేటప్పుడు `s` ఒక్కటే. వీడియోలను క్లిక్కుల సంఖ్యను బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపులో సరైనది ఎన్నిసార్లు దొరికిందో విడిగా చూశాకే ఈ పొరపాటు పట్టుబడింది. మొత్తం సగటు మాత్రం బాగానే కనబడింది.

ఎవరూ చూడని వీడియో అసలు బ్యాచ్‌లోకే రాదు, దానికి ఈ మందు పనిచేయదు. మొత్తం జాబితా నుంచి కొన్నిటిని యాదృచ్ఛికంగా తీసి కలపాలి. గూగుల్ ప్లే కోసం 2020లో గూగుల్ వాళ్లు చేసింది అదే.

ఈ వారం చిన్నాన్నకు ముందుగా వచ్చింది చీనీ కాయల మంగు గురించిన వీడియో.