ఉలుకు ఉంటే తప్పేమిటి?

మొన్న రాత్రి భోజనాల దగ్గర ఆఫీసు సంగతులు చెబుతుంటే మా ఆయన ఉన్నట్టుండి, "ఈ మధ్య నీ నోట శ్రీధర్ పేరు తప్ప ఇంకో పేరు వినపడట్లేదే" అన్నారు. పప్పు గిన్నె నా వైపు జరిపారు గానీ మొహం ఇటు తిప్పలేదు. నాకు ఒళ్లు మండింది. కానీ పడుకునే వేళకి, ఇన్నేళ్ల తర్వాత కూడా నా మీద ఈ ఉలుకు ఉందా అని ఎక్కడో సంతోషం కూడా వేసింది.

అసూయ మాటొస్తే నేను సత్యభామ దగ్గరికే పోతాను. నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో, పువ్వు రుక్మిణికి దక్కిందని తెలియగానే ఆమె కోపగృహం చేరింది. బతిమాలడానికి వచ్చి కాళ్ల మీద వాలిన కృష్ణుణ్ణి ఎడమకాలితో తోసింది. అంత కోపంలోనూ ఆమె ఆయన వెనక మనుషుల్ని పెట్టలేదు, రుక్మిణి ఇంటికి వెళ్లొద్దని ఆంక్షా పెట్టలేదు. ఏం నొచ్చిందో మొహం మీదే చెప్పింది. పారిజాతం చెట్టే పెరట్లోకి వచ్చింది.

1989లో ఫైఫర్, వాంగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అసూయను కొలవడానికి దాన్ని మూడుగా విడదీశారు: మనసులో మెదిలే అనుమానం, చివుక్కుమనే బాధ, ఆరా తీసే పనులు. బాధ ఎంత మంచి కాపురంలోనైనా కలుగుతుంది. ఆధారం లేని అనుమానం పదేపదే తిరిగొచ్చినా, చేయి అవతలివాళ్ల ఫోను మీదికి పోయినా కథ వేరు. మా ఆయన ఆరా తీయలేదు. మర్నాడు కాఫీ ఇస్తూ, "ఆఫీసు వాళ్లతో నవ్వినట్టు నాతో నవ్వి చాన్నాళ్లయింది" అన్నారు. అచ్చం సత్యభామ దారే, ఇది ప్రేమేనని తేల్చి ఈ కాలమ్ ముగించబోయాను.

కానీ ఆ సాయంత్రం, శ్రీధర్‌తో టీకి వెళ్లిన సంగతి "అందరం వెళ్లాం" అని చెప్పబోయి ఆగాను. నన్నెవరూ ఏమీ అనలేదు. అయినా నా మాటలోంచి ఒక పేరు దానంతటదే జారిపోతోంది. నాకు తెలిసిన ఒకావిడ ఇలాగే ముందు పేరు మానేసింది, తర్వాత ఆఫీసు పిక్నిక్ ఫొటోలు చూపించడం మానేసింది, చివరికి పిక్నిక్‌కే వెళ్లడం మానేసింది. వాళ్లాయన ఏనాడూ గొంతు పెంచలేదు. ఊరికే మౌనంగా ఉండేవాడు, అంతే.

అందుకే ప్రేమా, అభద్రతా అని ఆయన్ని తూచడం మానేశాను. ఆ ఉలుకులో రెండూ ఉన్నాయి. నేను చూసుకోవలసింది నా మాటలు కుదించుకుపోతున్నాయా లేదా అన్నదే. శ్రీధర్‌తో టీకి వెళ్లానని పేరు పెట్టే చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "వాళ్లమ్మగారి ఆపరేషన్ అయిందా?" అని అడిగారు.