తాలు కాయ, మేలు కాయ, మరణాల రేటు

పోయిన ఆదివారం పిడుగురాళ్లలో పెళ్లికి వెళ్తే, భోజనాల దగ్గర మా బావ ఒక మాటన్నాడు. ఆ మాట వారమంతా నన్ను వదల్లేదు. "సున్నపు బట్టీల దుమ్ము, పొగ అని గోల పెడతారు గానీ, ఈ టౌన్‌లో వెయ్యి మందికి ఏడాదికి పోయేది అయిదారుగురే. గాలి బాగుంటుందని మీరనే మన ఊళ్లో పదిమంది పోతున్నారు. ఇంక బట్టీల తప్పేముంది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఈ కాలమ్‌ను మొదటినుంచీ చదివేవారికి నా పట్టుదల తెలుసు: ఎవరైనా సగటు చెబితే, అది ఎవరెవరి మీద తీసిన సగటో ముందు అడగాలి. ఆరోజు కూడా అదే అడిగాను. కానీ పెళ్లిపందిట్లో లెక్క చెప్పడం కుదరలేదు. ఇక్కడ చెబుతాను.

అంతకంటే ముందు మా నాన్న మిరపకాయల సంగతి. నా చిన్నప్పుడు ఒక ఏడాది మా నాన్న, బాబాయి ఒకే వారంలో గుంటూరు యార్డుకు కాయలు తోలారు. కోతల మీద వాన పడి ఆ ఏడు మా కల్లంలో తాలు కాయ ఎక్కువైంది. బాబాయిది మెట్ట, తడవలేదు. తిరిగొచ్చాక మొత్తం డబ్బును క్వింటాళ్లతో భాగిస్తే బాబాయికే ఎక్కువ పడింది. "అన్నయ్యకు బేరం చేతకాదు" అని ఊళ్లో ప్రచారమైంది. ఆ రాత్రి మా అమ్మ కమీషన్ చీటీలు రెండూ పక్కపక్కన పెట్టి చదివింది. మేలు కాయకు నాన్నకే ఎక్కువ ధర వచ్చింది. తాలుకూ నాన్నకే ఎక్కువ వచ్చింది. రెండు రకాల్లోనూ గెలిచి సగటులో ఓడిపోయాడు. ఆయన టిక్కీల్లో తాలు ఎక్కువ ఉండటమే కారణం. అమ్మ ఒక్క మాటే అంది: "ఇద్దరి దగ్గరా తాలూ మేలూ ఒకే పాళ్లలో ఉన్నాయనుకుని లెక్క కట్టండి, అప్పుడు తెలుస్తుంది బేరం ఎవరికి వచ్చో." మరణాల రేట్లను వయసు ప్రకారం సర్దడమంటే అచ్చంగా ఇదే.

టౌన్‌కు పనికోసం వచ్చేవాళ్లు పడుచువాళ్లు. ఊళ్లో మిగిలేది పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ముసలివాళ్లు. ముసలివాళ్లు ఎక్కువున్నచోట చావులు ఎక్కువుంటాయి. లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు ఇవి, ఎక్కడా కొలిచినవి కావు. టౌన్‌లో పదివేల మంది: నలభై లోపువాళ్లు 7,000, నలభై నుంచి అరవై లోపు 2,500, అరవై దాటినవాళ్లు 500. ఏడాదిలో చావులు వరసగా 14, 20, 22, మొత్తం 56. అంటే వెయ్యికి 5.6. ఊళ్లో అయిదువేల మంది: అదే వరసలో 2,500, 1,500, 1,000. చావులు 4, 9, 40, మొత్తం 53. వెయ్యికి 10.6. బావ చెప్పినట్టే ఉంది కదా. ఇప్పుడు చీటీలు పక్కపక్కన పెట్టండి. నలభై లోపు టౌన్‌లో వెయ్యికి 2, ఊళ్లో 1.6. నడివయసులో 8, 6. అరవై దాటాక 44, 40. ప్రతి వయసులోనూ ఊరే మెరుగు.

ప్రత్యక్ష పద్ధతిలో ఇద్దరికీ ఒకే జనాభాను ప్రమాణంగా పెడతారు. రెండింటినీ కలిపితే 9,500, 4,000, 1,500, మొత్తం పదిహేను వేలు. టౌన్ రేట్లు ఈ జనానికి వేస్తే 19, 32, 66, మొత్తం 117 చావులు, అంటే వెయ్యికి 7.8. ఊరి రేట్లు వేస్తే 99, అంటే వెయ్యికి 6.6. వరస తిరగబడింది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. చనిపోయినవారి సగటు వయసును బట్టి ఊళ్ల ఆరోగ్యాన్ని పోల్చిన చాడ్విక్‌కు జవాబుగా 1844లో నీసన్ అనే లెక్కల మనిషి లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో ఇలాగే ఒక చోటి జనం వయసులకు ఇంకో చోటి రేట్లు వేసి చూపించాడు. మన దేశంలోనూ ఈ తికమక ఉంది. 2020 నమూనా నమోదు లెక్కల్లో వెయ్యికి మరణాలు కేరళలో 7.0, బీహార్‌లో 5.4. అదే ఏడు వెయ్యి జననాలకు శిశు మరణాలు కేరళలో 6, బీహార్‌లో 27. కేరళలో మరణాల రేటు ఎక్కువ కనబడటానికి పెద్ద కారణం అక్కడ ముసలివాళ్లు ఎక్కువ ఉండటం.

ఇంతవరకూ వచ్చాక బావకు ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ అతని అసలు ప్రశ్న ఊరి గురించి కాదు, బట్టీల గురించి. బట్టీ కూలీలు వెయ్యిమంది ఉన్నారనుకోండి. చావులు మొత్తం మూడే. వాటిని వయసుల వారీగా విడదీస్తే ఒక గడిలో సున్నా, ఇంకో గడిలో రెండు. ఒక్క చావుతో రేటు ఎగిరిపడుతుంది. అలాంటి రేట్లతో ప్రత్యక్ష పద్ధతి నిలవదు. ఇక్కడ పరోక్ష పద్ధతి కావాలి: పెద్ద జనాభా రేట్లు తీసుకుని, ఈ కూలీల వయసుల్లో ఎన్ని చావులు ఉండాలో కడతారు. కూలీల్లో 800 మంది నలభై లోపు, 190 మంది నడివయసు, 10 మంది అరవై పైన అయితే, టౌన్ రేట్ల ప్రకారం 3.56 చావులు ఉండాలి. జరిగినవి 3. నిష్పత్తి నూటికి 84. వయసు సర్దాక కూడా కూలీలే మెరుగన్నమాట! బావ గెలిచాడా?

గెలవలేదు. మూడు చావులంటే, అదృష్టం అటూఇటూ అయితే అసలు సగటు ఒకటికన్నా తక్కువ కావచ్చు, తొమ్మిదికి దగ్గరగా కూడా ఉండవచ్చు. అంటే ఆ 84 అనేది 17కీ 246కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పైగా బట్టీలో పనికి నిలబడేది ఒంట్లో సత్తువ ఉన్నవాడే. దగ్గు ముదిరితే సొంతూరు వెళ్లిపోతాడు, అక్కడే పోతాడు. మన చట్టం ప్రకారం మరణం నమోదయ్యేది అది జరిగిన చోట. కాబట్టి బట్టీ కూలీ చావు అతని ఊరి లెక్కలోకి, గుంటూరు ఆసుపత్రిలో పోయిన మన ఊరి పెద్దాయన చావు గుంటూరు లెక్కలోకి వెళ్తాయి. వయసు సర్దుబాటు వయసును మాత్రమే తీసేస్తుంది. వీటిని ముట్టుకోదు. ఇంకో సంగతి: ఊరికి టౌన్ రేట్లతో ఇదే లెక్క కడితే 61 ఉండాల్సింది 53, అంటే 87 వస్తుంది. ఆ 87నీ కూలీల 84నీ పక్కన పెట్టి ఎవరు మెరుగని అడగకూడదు. ఒక్కో నిష్పత్తి దాని సొంత వయసుల పాళ్లతో తూగింది. రెండిటికీ తాలు మేలు పాళ్లు వేరు.

బావను ఓడిద్దామని లెక్కకు కూర్చున్నాను. సర్దిన రేటు ఒక్కటి చాలు అని ఇన్నేళ్లూ నేనే రాస్తూ వచ్చాను. చాలదు. వయసులవారీ రేట్ల పట్టిక ముందు, సర్దిన అంకె తర్వాత. ఒక వయసులో ఊరు, ఇంకో వయసులో టౌన్ మెరుగైతే ఏ ప్రమాణ జనాభా పెట్టామన్నదాన్ని బట్టి గెలుపు మారుతుంది. అప్పుడు ఒక్క అంకె చెప్పనే కూడదు. బట్టీలు హానికరమని ఈ లెక్క చూపలేదు, హానికరం కాదనీ చూపలేదు. కూలీలు పని మానాక కూడా ఏళ్లతరబడి పేరుపేరునా వెంట చూస్తేనే తేలుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు నమోదు చేయించండి. వయసు అరవై, డెబ్బై అని ఉజ్జాయింపుగా కాకుండా సరిగ్గా చెప్పండి. సొంతూరు, చేసిన పని కూడా రాయించండి.